ఓటుకు డబ్బు తీసుకున్నారా: నేరుగా అడగడమా, లిస్టు ఇవ్వడమా, పాచిక వేయించడమా?

నికరాగువాలో 2008లో పురపాలక ఎన్నికలయ్యాక పరిశోధకులు ఓటర్లను రెండు రకాలుగా ఒకే విషయం అడిగారు. ఓటు కోసం ఎవరైనా కానుకో సాయమో ముట్టజెప్పారా అని మొహమ్మీదే అడిగితే, అవునన్నవాళ్లు నూటికి రెండు పైచిలుకు. అదే విషయాన్ని లిస్ట్ ఎక్స్‌పెరిమెంట్ అనే పద్ధతిలో రాబడితే 24 శాతం తేలింది. దేశం ఒకటే, ఎన్నికలు ఒకటే, అంకె మాత్రం దాదాపు పదింతలైంది.

ఈ ఉదాహరణ వినగానే నేరుగా అడగడం దండగ, ఇకమీదట లిస్టే వాడదామని అనిపిస్తుంది. సర్వేలు చేసే కుర్రాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ లిస్టుకు మనం కట్టే మూల్యం చిన్నది కాదు. అది చూడాలంటే ముందు లిస్టు ఎలా పనిచేస్తుందో చూడాలి.

మన దగ్గర ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో వెయ్యి మందితో సర్వే చేస్తున్నామనుకుందాం. చీటీలు తీసినట్టు వాళ్లను చెరో 500 మందిగా విడగొడతాం. మొదటి గుంపుకు నాలుగు వాక్యాలున్న కార్డు ఇస్తాం: ప్రచార బండి మీ వీధిలోకి వచ్చింది, అభ్యర్థి మీ ఇంట్లో భోంచేశాడు, మీరు ఏదో ఒక పార్టీ సభకు వెళ్లారు, ఎన్నికల గొడవ మనకెందుకని ఎవరితోనూ ఆ మాటే ఎత్తలేదు. రెండో గుంపు కార్డులో ఈ నాలుగింటితో పాటు ఐదోది ఉంటుంది: ఓటు కోసం ఇచ్చిన డబ్బో, చీరో, మరో వస్తువో తీసుకున్నారు. ఇద్దరినీ అడిగేది ఒకటే: "వీటిలో మీ విషయంలో ఎన్ని నిజం? ఏవేవో చెప్పొద్దండీ, ఎన్నో చెప్తే చాలు."

మొదటి గుంపు సగటు 1.78, రెండో గుంపు సగటు 2.02 వచ్చిందనుకోండి. తేడా 0.24. రెండు గుంపులూ చీటీల పద్ధతిలో విడినవే కాబట్టి మిగతా అన్నింటిలో సమానం. ఆ తేడా ఐదో వాక్యం వల్ల వచ్చిందే. అంటే నూటికి 24 మంది తీసుకున్నారు. "రెండు" అని చెప్పిన ఆవిడ డబ్బు తీసుకుందో లేదో సర్వే చేసినవాడికీ తెలియదు, తర్వాత కాగితాలు తిరగేసిన వాడికీ తెలియదు. ఆవిడకు ధైర్యం ఇచ్చేది అదే.

ఆ నాలుగు వాక్యాల ఎంపికలోనే అసలు పనితనమంతా ఉంది. ప్రచార బండి దాదాపు అందరి వీధికీ వస్తుంది, అభ్యర్థి భోజనం దాదాపు ఎవరింట్లోనూ చేయడు. అవి రెండూ ఎందుకంటే, నాలుగూ నిజమైన మనిషి ఐదోది కూడా ఉంటే "ఐదు" అనాలి, అప్పుడు గుట్టు బయటపడ్డట్టే. అలాగే ఏదీ నిజం కాని మనిషి "ఒకటి" అంటే ఆ ఒక్కటీ ఏదై ఉంటుందోనని అనుమానం వస్తుంది. ఈ రెండు చివరలకూ ఎవరూ చేరకుండా ఆ వాక్యాలు కాపలా. సభకు వెళ్లేవాడు, ఎన్నికల మాటే ఎత్తనివాడు సాధారణంగా ఒకే మనిషి కాడు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది కాబట్టి అందరి మొత్తాలూ రెండు దగ్గరే తిరుగుతాయి, సగటులో ఊగిసలాట తగ్గుతుంది.

ఇక మూల్యం సంగతి. నేరుగా అడిగితే వెయ్యి మందీ ఆ ఒక్క ప్రశ్నకే జవాబిస్తారు. అందరూ నిజం చెప్పి 24 శాతం వస్తే, సాంపిల్ వల్ల అటూ ఇటూ రెండున్నర పాయింట్ల తేడా ఉండొచ్చు. లిస్టులో అలా కాదు. ఐదో వాక్యం చూసింది సగం మందే, పైగా వాళ్ల జవాబులో మిగతా నాలుగింటి రొద కలిసిపోయి ఉంటుంది. పైన చెప్పినట్టు లిస్టు బాగా కుదిరినా సరే, అటూ ఇటూ తొమ్మిది పాయింట్ల దాకా పోతుంది. అంటే 24 అన్న అంకె అసలు 15 కావచ్చు, 33 కావచ్చు. వాక్యాలు ఇష్టమొచ్చినట్టు ఎంచుకుంటే ఇంకా ఎక్కువ. ఈ తొమ్మిదిని సగం చేయాలంటే వెయ్యి మంది బదులు నాలుగు వేల మంది కావాలి, ఖర్చు నాలుగింతలు.

అందుకని ఏది మేలన్నది జనం ఎంత దాస్తారన్న దాని మీద ఉంటుంది. నేరుగా అడిగితే దాపరికం వల్ల మూడు పాయింట్లు మాత్రమే తగ్గి వస్తుందనుకుంటే, వెయ్యి మంది సర్వేలో ఆ తప్పు జవాబే లిస్టు ఇచ్చే ఊగిసలాట అంకె కంటే నిజానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. దాపరికం ఐదు పాయింట్ల దగ్గర ఉంటే రెండింటికీ పెద్ద తేడా లేదు. నికరాగువాలోలా ఇరవై దాటితే లిస్టుకు తిరుగులేదు. 2020లో బ్లెయిర్, కాపక్, మూర్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి సర్వేలన్నీ కలిపి చూస్తే, దాపరికం చాలా అంశాల్లో పది పాయింట్ల లోపే తేలింది. నికరాగువా కథ చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ ప్రతి అంశమూ అలా ఉండదు.

మూడో దారి పాచిక. 1965లో వార్నర్ వేసిన బాటలోంచి వచ్చిన పద్ధతి ఇది. ఓటరు ఎవరికీ కనబడకుండా పాచిక వేస్తాడు. ఒకటి పడితే "లేదు" అనాలి, ఆరు పడితే "అవును" అనాలి, మిగతా ఏది పడ్డా నిజం చెప్పాలి. వెయ్యి మందిలో 327 "అవును"లు వచ్చాయనుకోండి. ఆరు పడ్డందుకే అన్నవి సుమారు 167. అవి తీసేస్తే 160 మిగులుతాయి. నిజం చెప్పాల్సినవాళ్లు సుమారు 667 మంది. 160ని 667తో భాగిస్తే అదే 24 శాతం. కానీ ఈసారి అటూ ఇటూ నాలుగున్నర పాయింట్లే, లిస్టులో సగం.

పాచిక సత్తాకు ఒక గట్టి పరీక్ష కూడా జరిగింది. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 2011లో అబార్షన్‌కు వ్యతిరేకంగా ఒక ప్రతిపాదనను ఓటింగ్‌కు పెట్టారు, అది ఓడిపోయింది. అక్కడి వాతావరణంలో "వద్దని ఓటేశాను" అని చెప్పుకోవడం ఇబ్బంది. అసలు ఓట్ల లెక్క అధికారికంగా ఉంది కాబట్టి రోసెన్‌ఫెల్డ్, ఇమాయ్, షపీరో సర్వే పద్ధతులను దానితో పోల్చి చూశారు. నేరుగా అడిగితే "వద్దు" ఓట్లు బాగా తగ్గి కనిపించాయి. లిస్టు ఆ తేడాను కొంత పూడ్చింది. అందరికంటే దగ్గరికొచ్చింది పాచిక తరహా పద్ధతే.

మరి అందరూ పాచికే ఎందుకు వాడరు? ఆరు పడిన పెద్దాయన పరిస్థితి ఆలోచించండి. ఆయన పైసా ముట్టలేదు, అయినా "అవును" అనమంటున్నాం. "తీసుకోనిది తీసుకున్నానని ఎందుకు చెప్పాలయ్యా?" అని మొండికేస్తే లెక్క తప్పుతుంది. అలా మొండికేసేవాళ్లు ఎక్కువైతే "అవును"లు 167 కంటే కిందికే పడిపోతాయి, అంచనా సున్నా కంటే తక్కువ వస్తుంది. అది కనిపించిందంటే సర్వే పక్కన పెట్టేయాల్సిందే. పైగా ఇంటి అరుగు మీద కూర్చుని పాచిక ఎందుకు వేయిస్తున్నారో వివరించడానికే బోలెడు సమయం పోతుంది. లిస్టుకు ఈ తలనొప్పి లేదు, లెక్కపెట్టడం వస్తే చాలు.

నిజానికి ఆ లెక్కపెట్టడమే లిస్టుకు రెండో గొయ్యి. కార్డు సరిగా చదవకుండా నోటికొచ్చిన అంకె చెప్పేసేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. నాలుగు వాక్యాల కార్డు మీద సున్నా నుంచి నాలుగు దాకా ఏదో ఒకటి అంటే వాళ్ల సగటు 2; ఐదు వాక్యాల కార్డు మీద అయితే 2.5. అలాంటివాళ్లు నూటికి ఐదుగురున్నా, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే రెండున్నర శాతం "నేరం" లెక్కలో పుట్టుకొస్తుంది. 2012 అమెరికా ఎన్నికల తర్వాత ఇంకొకరి పేరుతో దొంగ ఓటు వేసినవాళ్లెందరో తేల్చడానికి ఆల్‌క్విస్ట్, అతని సహచరులు లిస్టు పెట్టారు. గ్రహాంతరవాసులు తమను ఎత్తుకుపోయారన్న వాక్యంతో ఇంకో లిస్టు కూడా పెట్టారు. రెండు అంకెలూ దాదాపు సమానంగా వచ్చాయి! నూటికి ఒకరో ఇద్దరో చేసే పనిని లిస్టుతో కొలవడం అందుకే కుదరదు.

దీనికి విరుగుడు ఉంది. మొదటి గుంపు కార్డులో కూడా ఐదో వాక్యం పెట్టాలి, కాకపోతే ఎవరికీ నిజం కానిది. "ఎన్నికల సంఘం ప్రధాన కమిషనర్ మీ ఇంటికి వచ్చారు" లాంటిది. అప్పుడు రెండు కార్డుల పొడవూ ఒకటే అవుతుంది, నోటికొచ్చిన అంకెల సగటూ ఒకటే అవుతుంది. ఇంకో పరీక్ష కూడా తప్పనిసరిగా చేయాలి: సున్నా అన్నవాళ్లను లెక్కపెట్టడం. ఐదో వాక్యం జవాబును పెంచాలి లేదా అలాగే ఉంచాలి, తగ్గించకూడదు. మొదటి గుంపులో సున్నాలు 4 శాతం, రెండో గుంపులో 9 శాతం వచ్చాయంటే, ఆ వాక్యం చూసి కొందరు జడుసుకుని మొత్తానికే సున్నా చెప్పి తప్పించుకున్నారని అర్థం.

ఇంతకీ మన తెలుగు రాష్ట్రాల్లో ఏది వాడాలి? హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు, మునుగోడు ఉప ఎన్నికప్పుడు "మాకు డబ్బు అందలేదు" అని ఓటర్లే బాహాటంగా నిలదీసిన వార్తలు చూశాం. తీసుకోవడం కూడా చట్టం ప్రకారం నేరమే, అయినా చాలాచోట్ల అది చాటుమాటు వ్యవహారంలా లేదు. "మీ వీధిలో పంచారా?" అన్నదానికి లిస్టు అవసరం లేదని నా అభిప్రాయం, నేరుగానే అడగొచ్చు. "మీరు తీసుకున్నారా?" అన్న చోట కొంత సంకోచం మొదలవుతుంది. "డబ్బిచ్చినవాళ్లకే ఓటేశారా?" అన్న చోట అసలు దాపరికం ఉంటుందని నా అనుమానం. ఒక పార్టీ దగ్గర తీసుకుని ఇంకో పార్టీకి వేసినవాళ్లు ఆ మాట అపరిచితుడితో అనరు. డబ్బు చూసి వేసినవాళ్లూ అనరు. లిస్టు డబ్బు ఖర్చుపెడితే అక్కడ పెట్టాలి, అదీ రెండు మూడు వేల మందికి తగ్గకుండా.

లిస్టుతో నేరు ప్రశ్నను జోడించడం ఇంకా మంచి పద్ధతి. లిస్టు అడిగాక మొదటి గుంపును అదే విషయం సూటిగా అడిగేయొచ్చు, వాళ్ల కార్డులో ఆ వాక్యం లేదు కాబట్టి ఇబ్బంది లేదు. రెండో గుంపును కూడా అడగొచ్చు, కానీ లిస్టు జవాబు రాసుకున్నాకే. సూటిగా "అవును" అన్నవాళ్లు చేయనిది చేశామని చెప్పుకోరు కాబట్టి వాళ్లను అలాగే లెక్కలో వేసుకుని, కాదన్నవాళ్ల మీద మాత్రమే లిస్టు లెక్క నడిపితే ఊగిసలాట కొంత తగ్గుతుంది. ఒప్పుకునేవాళ్లు ఎంత ఎక్కువ ఉంటే అంత తగ్గుతుంది. నికరాగువాలోలా నూటికి ఇద్దరే అయితే ఈ చిట్కాతో ఒరిగేదేమీ లేదు.