పెద్ద హాలు స్లైడ్లకు ఏ తెలుగు ఫాంట్లు: రామభద్ర–మండలి జోడీయా, నోటో ఒక్కటేనా?

ఒంగోలులో ఒక కల్యాణ మండపంలో పొగాకు రైతుల సదస్సు అనుకుందాం. తెర ఎత్తు 6 అడుగులు, చివరి వరస 60 అడుగుల దూరం.

శీర్షికకు రామభద్ర, కింద మండలి పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. "వేలం ధరలు" లాంటి రెండు మాటల శీర్షికకు రామభద్రే మేలు. వాక్యం పొడవైతే మాత్రం దాని లావు గీతల మధ్య ఖాళీ పూడుకుపోయి, థలో చుక్క కనపడక ధలా అనిపిస్తుంది.

నోటో సాన్స్ తెలుగులో శీర్షికకు బోల్డ్, మిగతాదానికి మీడియం వాడితే అంత హంగు ఉండదు గానీ లోపలి ఖాళీలు తెరుచుకునే ఉంటాయి. అంకెలూ పట్టికలూ ఉంటే మా ఓటు దీనికే.

సైజు లెక్క రెండింటికీ ఒకటే. 30 అడుగులకు అంగుళం చొప్పున, తెర మీద అక్షరం 2 అంగుళాలుండాలి. 72 అంగుళాల తెర ఎత్తు అంటే స్లైడు ఎత్తులో 540 పాయింట్లు, కాబట్టి 2 అంగుళాలకు 15. తలకట్టూ వత్తులూ పోను అక్షరం ఒళ్లు ఫాంట్ సైజులో సుమారు సగమే. అందుకే 32కి తగ్గొద్దు, శీర్షికకు 48. వరసల ఎడం 1.3 పెట్టండి, లేకపోతే "రాష్ట్రం"లోని వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి.

హాలువాళ్ల ల్యాప్‌టాప్‌లో ఈ ఫాంట్లు లేకపోతే వేరేది వచ్చి వరసలు విరిగిపోతాయి. ఫైలులోనే ఫాంట్లు ఎంబెడ్ చేసి, పీడీఎఫ్ కూడా పట్టుకెళ్లండి.