ఇంజన్ కూలెంట్‌గా నీరు: పదకొండేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

డీజిల్ జనరేటర్ల బాధ్యత చేపట్టి పదకొండేళ్లయింది. మొదటి ఆరేళ్లు సముద్రపు ఒడ్డునున్న ప్లాంటులోనూ, తర్వాతి ఐదేళ్లు ఒడ్డుకు చాలా దూరంగా ఉన్న ప్లాంటులోనూ ఒకే రకం ఇంజన్‌ను, ఒకే రకం రేడియేటర్‌ను చూసుకున్నాను. ఇంజన్‌ను చల్లబరిచింది రెండుచోట్లా నీరే అయినా, మొదటి చోట రేడియేటర్‌కు తగిలే గాలిని కూడా నీరే అదుపులో ఉంచేదని రెండో చోటికి వెళ్లాక గాని నాకు అర్థం కాలేదు.

ఒక కిలో నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4.18 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. ఇనుముకు 0.45, పొడి ఇసుకకు దాదాపు 0.8, ఇంజన్ ఆయిల్‌కు 2 కంటే కొంచెం తక్కువ సరిపోతుంది. నీటికి ఇంత విశిష్టోష్ణం ఉండడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, నీటి అణువు చాలా తేలిక కావడం వల్ల ఒక కిలోలో ఇమిడే అణువుల సంఖ్య ఎక్కువ. రెండోది, పక్కపక్క అణువులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు. మనం ఇచ్చిన ఉష్ణమంతా అణువుల వేగాన్ని పెంచడానికే పోతే ఉష్ణోగ్రత త్వరగా పెరిగేది. ద్రవరూపంలోని నీటిలో ఆ ఉష్ణంలో గణనీయమైన భాగం ఈ బంధాలను సాగదీయడానికి, వంచడానికి, కొన్నిటిని తెంచడానికి ఖర్చవుతుంది. ఈ వివరణ సరైనదేనని చూపే ఆధారం నీటిలోనే ఉంది. మంచుగడ్డ విశిష్టోష్ణం సుమారు 2.1, ఆవిరిది సుమారు 2. మంచులో బంధాలు బిగిసి ఉండి సులభంగా సడలవు, ఆవిరిలో అవి దాదాపు లేనే లేవు. బంధాలు తెగుతూ మళ్లీ కలుస్తూ ఉండే ద్రవస్థితిలోనే విలువ రెట్టింపవుతోంది.

ఇంజన్ విషయంలో ఈ గుణం ఎంత పనికివస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. పూర్తి లోడు మీద మా ఇంజన్ నీటిలోకి వదిలే ఉష్ణం సుమారు 60 కిలోవాట్లు. రేడియేటర్‌లోకి వెళ్లే నీటికీ, తిరిగి వచ్చే నీటికీ మధ్య 7 డిగ్రీల తేడా ఉండాలని మేము పెట్టుకున్నాము. వాడే సూత్రం ఇది, ఇందులో Q సెకనుకు వదిలే ఉష్ణం, m సెకనుకు పారే నీటి బరువు, c విశిష్టోష్ణం, ΔT ఉష్ణోగ్రతల తేడా:

```
Q = m × c × ΔT
```

60ని 4.18తోనూ, 7తోనూ భాగిస్తే సెకనుకు దాదాపు 2 కిలోలు, అంటే నిమిషానికి సుమారు 123 లీటర్ల ప్రవాహం కావాలని వస్తుంది. నీటికి బదులు ఆయిల్‌ను తిప్పవలసి వస్తే అదే పనికి నిమిషానికి 300 లీటర్లకు పైగా కావాలి. చిక్కని ద్రవాన్ని అంత వేగంగా నెట్టగల పంపు, దానికి తగిన పైపులు ఆ ఇంజన్ పక్కన ఎక్కడ పడతాయో నేను ఊహించలేను.

ఇదే సూత్రం లోపాలను పట్టుకోవడానికి నాకు గేజీ కంటే ఎక్కువగా ఉపయోగపడింది. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక, లోడు మారకుండా ఉన్నప్పుడు, పై హోస్ దగ్గరా కింది హోస్ దగ్గరా ఉష్ణోగ్రతలు కొలిచి తేడాను పుస్తకంలో రాసుకునేవాడిని. ఒక సంవత్సరం ఆ తేడా నెలనెలా పెరిగి 7 నుంచి 12 డిగ్రీలకు చేరింది. ఉష్ణం మారలేదు, నీటి విశిష్టోష్ణం మారలేదు, కాబట్టి తగ్గింది ప్రవాహమే. లెక్క ప్రకారం అది నిమిషానికి సుమారు 72 లీటర్లకు పడిపోయింది. విప్పి చూస్తే పంపు రెక్కలు తుప్పుకు తినేయబడి, మొదలు ఉండవలసిన వెడల్పులో సగానికి తగ్గిపోయి ఉన్నాయి. ఇందుకు విరుద్ధంగా తేడా మామూలుగానే ఉండి రెండు ఉష్ణోగ్రతలూ కలిసి పైకి పోతే, ప్రవాహం బాగానే ఉంది, రేడియేటర్ ఉష్ణాన్ని గాలికి ఇవ్వలేకపోతోందని అర్థం. అప్పుడు వెతకవలసింది రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును, లేదా జారుతున్న ఫ్యాన్ బెల్టును.

గేజీని నమ్మి నేను ఒకసారి దెబ్బ తిన్నాను. కూలెంట్ మార్చిన రోజు లోపలి గాలిని పూర్తిగా బయటికి పంపకుండానే ఇంజన్‌ను లోడు మీద పెట్టాము. ముల్లు మామూలు చోటే నిలబడి ఉంది, కాని సిలిండర్ హెడ్ దగ్గర పెయింటు కాలుతున్న వాసన వచ్చింది. సెన్సార్ మొన నీటిలో మునిగి లేదు, గాలి బుడగలో ఉంది. గాలికి విశిష్టోష్ణమూ తక్కువే, సాంద్రత మరీ తక్కువ కాబట్టి అది సెన్సార్‌కు ఉష్ణాన్ని సరిగా అందించలేదు. చల్లారాక మూత తీసి చూస్తే నీటిమట్టం కనిపించనంత లోతుకు దిగిపోయి ఉంది.

లోపలి ప్లాంటుకు మారిన మొదటి వేసవిలో అదే రకం ఇంజన్ మధ్యాహ్నం పూర్తి లోడు మోయలేకపోయింది. ఒడ్డున మధ్యాహ్నపు గాలి 33 డిగ్రీల దగ్గర ఆగేది, ఇక్కడ 43కు చేరింది. రాత్రివేళ మాత్రం రెండుచోట్లా పెద్ద తేడా లేదు. నీరు 90 డిగ్రీల దగ్గర ఉంటే రేడియేటర్‌కు దొరికే తేడా 57 నుంచి 47కు తగ్గుతుంది, అంటే ఉష్ణాన్ని వదిలే శక్తిలో ఆరో వంతుకు పైగా పోతుంది. ఒడ్డున ఉన్నప్పుడు ఈ ఆరో వంతును మాకు సముద్రం ఇచ్చింది.

అయితే ఈ ఘనతనంతా విశిష్టోష్ణానికే కట్టబెట్టడం సరికాదు. ఒక చదరపు మీటరు మీద పడిన ఒక మెగాజౌల్ ఉష్ణం పొడి ఇసుకలో పై 10 సెంటీమీటర్ల పొరలోనే నిలిచిపోతే, ఆ పొర సుమారు 8 డిగ్రీలు వేడెక్కుతుంది. అదే ఉష్ణం అలలు కలియబెట్టే 10 మీటర్ల నీటిలో పరుచుకుంటే పెరిగేది ఒక డిగ్రీలో నలభయ్యో వంతు మాత్రమే. ఘనపరిమాణం లెక్కన చూస్తే నీరు పొడి ఇసుక కంటే మూడు రెట్లకు కొంచెం ఎక్కువ ఉష్ణాన్ని దాచుకోగలదు, మిగిలిన వంద రెట్లూ లోతు వల్ల వచ్చినవే. వెలుగు నీటిలోకి దిగగలగడం, నీరు తనలో తాను కలిసిపోగలగడం, పైనుంచి ఆవిరవుతూ ఉండడం కూడా ఇందులో భాగస్వాములు. నేల ఇలా త్వరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేచినప్పుడు, దాని చోటును నింపడానికి నీటి మీది చల్లని గాలి ఒడ్డుకు వస్తుంది. మా పాత ప్లాంటులో మధ్యాహ్నానికి ముందే ఈ సముద్రపు గాలి మొదలయ్యేది. అది ఆలస్యమైన రోజున ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే ఇంజన్ ఉష్ణోగ్రతను బట్టి తెలిసేది.

కూలెంట్‌గా నీటి మీద నా ఫిర్యాదులు మూడు. గడ్డకట్టేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం వ్యాకోచించి బ్లాకును పగలగొట్టగలదు, ఇనుమును తుప్పు పట్టిస్తుంది, కఠిన జలమైతే సిలిండర్ చుట్టూ సున్నపు పెంకు కడుతుంది. ఆ పెంకు పలుచగా ఉన్నా ఉష్ణానికి పెద్ద అడ్డుగోడ, ఎందుకంటే ఇనుముతో పోలిస్తే అది ఉష్ణాన్ని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. అందుకే ఇప్పుడు శుద్ధజలంలో సగం గ్లైకాల్, తుప్పు నిరోధకాలు కలిపి వాడుతున్నాను. ఆ మిశ్రమం విశిష్టోష్ణం 3.5 దగ్గరికి దిగుతుంది, అదే 60 కిలోవాట్లకు నిమిషానికి సుమారు 140 లీటర్లు తిప్పాలి. మా పంపు అంత ప్రవాహాన్ని ఇవ్వగలదు కనుక మార్పు తర్వాత ఇబ్బంది రాలేదు. గడ్డకట్టే ప్రమాదం లేని చోట, పంపు సామర్థ్యం ఇప్పటికే అంచున ఉన్న ఇంజన్‌లో మాత్రం గ్లైకాల్ పాళ్లు తగ్గించి, నిరోధకాన్ని మాత్రం వదలకుండా, నీటి పాళ్లు పెంచుతాను.