పీడీఎఫ్ నుంచి వర్డ్‌కి: నేరుగా వర్డ్‌లో తెరవడం మేలా, గూగుల్ డాక్స్ దారి మేలా?

"పీడీఎఫ్‌ని వర్డ్‌లోకి మార్చడానికి ఏ సైట్ మంచిది?" అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. ఏదో ఒక పేరు చెప్తే, "మార్చాను కానీ లైన్లన్నీ విరిగిపోయాయి, రెండు కాలమ్‌లూ కలిసిపోయాయి" అని మళ్లీ వస్తారు. సైట్ పేరు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ పీడీఎఫ్ లోపల నిజంగా అక్షరాలు ఉన్నాయా, ఉంటే అవి ఏ అక్షరాలు? నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఇదే.

తేల్చుకోవడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక పేరా సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్, అంటే పేజీకో ఫొటో. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త వస్తే అది అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో చేసింది. పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసిన మన పత్రికలు, సావనీర్లు, పెళ్లికార్డులు చాలావరకు ఇవే. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు, అంతే. ఇక మూడోది కాస్త మోసం చేసే రకం: తెలుగే వస్తుంది కానీ "ఆంధ్ర" కాస్తా "ఆంధర్" అవుతుంది, "ప్రభుత్వం" కాస్తా "పర్భుతవ్ం" అవుతుంది. ఇది యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైలే. కానీ పీడీఎఫ్ గుర్తుపెట్టుకునేది ఏ బొమ్మ పేజీలో ఎక్కడ ఉందన్నదే. ఆ బొమ్మ వెనక ఏ అక్షరం ఉందో చెప్పే పట్టిక వేరే ఉంటుంది, ఒత్తుల దగ్గర ఆ పట్టిక తరచూ తప్పుతుంది. పేరా, కాలమ్ అన్నవి కూడా మామూలు పీడీఎఫ్‌లో ఉండవు. లైన్లు పక్కపక్కన, కిందమీద కనిపిస్తాయి కాబట్టి ఇది ఒక పేరా అయి ఉంటుందని కన్వర్టర్ ఊహిస్తుంది. ఆ ఊహ తప్పిన చోటే లైన్లు విరుగుతాయి.

ఇప్పుడు వర్డ్ సంగతి. 2013 వెర్షన్ నుంచి వర్డ్ పీడీఎఫ్‌ని నేరుగా తెరుస్తుంది. File > Open కొట్టి ఫైల్ ఎంచుకుంటే చాలు, మార్చమంటావా అని అడిగి మార్చేస్తుంది. ఇంగ్లిష్ ఉత్తరం, ఒప్పందం, సర్క్యులర్ లాంటివైతే దీన్ని మించిన దారి వెతకక్కర్లేదు. పేరాలు చాలావరకు పేరాలుగానే వస్తాయి, సాదా టేబుల్స్ కూడా ఫర్వాలేదు. కాలమ్‌లు ఉంటే మాత్రం సెక్షన్ బ్రేక్‌లు పెడుతుంది, ఒక్కోసారి టెక్స్ట్ బాక్సుల్లో పెడుతుంది. చూడ్డానికి అచ్చం పీడీఎఫ్‌లాగే ఉంటుంది, మధ్యలో ఒక వాక్యం చేరిస్తే పేజీ అంతా చెదురుతుంది. "అచ్చం అలాగే వచ్చింది" అని మురిసిపోయే ఫైలే దిద్దేటప్పుడు ఎక్కువ ఏడిపిస్తుంది.

అలాంటి ఫైల్‌ని దారిలో పెట్టాలంటే వరస ముఖ్యం. ముందు Ctrl+A కొట్టి Layout > Columns > One ఇవ్వాలి. ఆ తర్వాతే Ctrl+H తెరిచి `^b` వెతికి, Replace ఖాళీగా వదిలి సెక్షన్ బ్రేక్‌లు తీసేయాలి. ముందే తీసేస్తే, బ్రేక్‌కి పైన ఉన్న భాగం కింది సెక్షన్ ఫార్మాట్‌ని పట్టుకుంటుంది, అంటే ఒక కాలమ్ పేజీ కూడా రెండు కాలమ్‌లు అయి కూర్చుంటుంది. ఇంగ్లిష్ మాటలు లైన్ చివర హైఫన్‌తో విరిగి ఉంటే `-^p`, అంటే హైఫన్ వెనకే పేరా గుర్తు, వెతకండి, కానీ Replace All వద్దు. నిజంగా హైఫన్ ఉండాల్సిన మాటలు కూడా అతుక్కుపోతాయి.

తెలుగు దగ్గరికొచ్చేసరికి వర్డ్ చేతులెత్తేస్తుంది. దాని తప్పు కాదు, పీడీఎఫ్ లోపల ఏముందో అదే తెచ్చి పెడుతుంది. లోపల చెత్త ఉంటే బయటికీ చెత్తే. కాబట్టి లోపలి అక్షరాలను పక్కన పెట్టి, పేజీని ఫొటోగా చూసి చదివించాలి. తెలుగుకి ఈ పని ఉచితంగా, ఇన్‌స్టాల్ గొడవ లేకుండా బాగా చేసేది గూగుల్ డ్రైవ్. ఫైల్ అప్‌లోడ్ చేసి, రైట్ క్లిక్ కొట్టి Open with > Google Docs అంటే చాలు. ఇది అందరికీ తెలిసిందే. అయినా చాలామంది "గూగుల్‌లో కూడా చెత్తే వచ్చింది" అంటారు. కారణం ఏమిటంటే, అను ఫాంట్ పీడీఎఫ్‌ని అలాగే ఇస్తే లోపల ఎలాగూ అక్షరాలు ఉన్నాయి కదా అని గూగుల్ చాలాసార్లు వాటినే తెచ్చి పెడుతుంది. పీడీఎఫ్ కాకుండా ఇమేజ్ ఇస్తే దానికి చదవడం తప్ప వేరే దారి ఉండదు.

రెండో చిక్కు కాలమ్‌లు. గూగుల్ తన సహాయ పేజీలోనే చెప్పింది: జాబితాలు, టేబుల్స్, కాలమ్‌లు, ఫుట్‌నోట్‌లు గుర్తుపట్టకపోవచ్చని. రెండు కాలమ్‌ల పేజీని ఒక్క ఇమేజ్‌గా ఇస్తే, ఎడమ కాలమ్ మొదటి లైన్ పక్కనే కుడి కాలమ్ మొదటి లైన్ వచ్చి చేరొచ్చు. ఒకసారి అలా కలిసిపోయాక ఏ Find and Replace కూడా విడదీయలేదు. అందుకని కాలమ్‌ని ముందే కోసి ఇవ్వడం నయం.

ఉదాహరణకి ఒక సంఘం సావనీర్‌లోని వ్యాసం తీసుకోండి. ఏ4 సైజు, నాలుగు పేజీలు, పేజీకి రెండు కాలమ్‌లు, అను ఫాంట్. ఏ4 పేజీని 300 డీపీఐలో ఇమేజ్ చేస్తే వెడల్పు 2480, ఎత్తు 3508 పిక్సెళ్లు. సగం వెడల్పు 1240. పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే `pdftoppm` కోయడం, ఇమేజ్ చేయడం రెండూ ఒకేసారి చేస్తుంది:

```
pdftoppm -r 300 -gray -png -x 0 -y 0 -W 1240 -H 3508 vyasam.pdf left
pdftoppm -r 300 -gray -png -x 1240 -y 0 -W 1240 -H 3508 vyasam.pdf right
```

ఇప్పుడు `left-1.png`, `right-1.png` అంటూ ఎనిమిది ఇమేజ్‌లు వస్తాయి. ఒకటి తెరిచి చూడండి. మధ్య గీత దగ్గర అక్షరాలు తెగితే ఆ 1240ని కాస్త అటూ ఇటూ జరపాలి. రెండు కాలమ్‌ల మీదుగా పరుచుకున్న శీర్షిక ఎలాగూ రెండు ముక్కలవుతుంది, దాన్ని చేత్తో టైప్ చేసుకోవడమే. కమాండ్‌లంటే టెన్షన్ అయితే, పీడీఎఫ్‌ని 200 శాతం జూమ్ చేసి Win+Shift+S తో కాలమ్ మేరకు కత్తిరించి సేవ్ చేసుకోండి. రెండు మూడు పేజీలకి ఇదే హాయి. ఫైల్ ఒక్కొక్కటి 2 ఎంబీ లోపు ఉంచమని గూగుల్ సలహా. నలుపు తెలుపు ఇమేజ్‌లకు సాధారణంగా ఇబ్బంది రాదు.

ఒక్కొక్క ఇమేజ్‌ని డాక్స్‌లో తెరిస్తే పైన బొమ్మ, కింద టెక్స్ట్ వస్తుంది. ఆ టెక్స్ట్‌ని ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, కుడి వరసలో ఒకే వర్డ్ ఫైల్‌లో పేస్ట్ చేయండి, ఫార్మాటింగ్ వదిలేసి టెక్స్ట్ మాత్రమే. ఇక మిగిలింది విరిగిన లైన్లు. ఇక్కడ అందరూ చేసే పని `^p` వెతికి స్పేస్ పెట్టడం. దాంతో వ్యాసమంతా ఒకే పేరా అయిపోతుంది. అలా కాకుండా ముందు లైన్ బ్రేక్ గుర్తు `^l` ని `^p` గా మార్చండి, అప్పుడు లైన్ చివర గుర్తు అంతటా ఒకటే అవుతుంది. తర్వాత `^p` ముందు ఉన్న స్పేస్ తీసేయండి. ఇది చిన్న పనే కానీ వదిలేస్తే చుక్క తర్వాత దాగిన స్పేస్ వల్ల పేరాలు కలిసిపోతాయి. ఉపశీర్షికల చివర, ప్రశ్నార్థకంతోనో కొటేషన్‌తోనో ముగిసే పేరాల చివర ఒక `~` పెట్టండి. ఇప్పుడు More నొక్కి, Use wildcards టిక్ చేసి, Find లో ఇది:

```
([!.~^13])^13
```

Replace లో `\1` రాసి, దాని వెనకే ఒక స్పేస్ కొట్టండి. చుక్కతో గానీ `~` తో గానీ ముగియని లైన్ ఏదైనా తర్వాతి లైన్‌తో కలుస్తుంది, మిగతావి పేరాలుగా నిలుస్తాయి. వైల్డ్‌కార్డ్స్ టిక్ చేసి ఉన్నప్పుడు Find లో `^p` పనిచేయదు, అందుకే `^13`. చివరికి `~` లు తీసేయడమే. పేరా మధ్యలో ఒక వాక్యం సరిగ్గా లైన్ చివరే ముగిసిన చోట్ల మాత్రం అదనపు పేరా మిగులుతుంది, అవి చూసుకుంటూ కలపాలి.

ఇంకోటి కంటితో చూడక తప్పదు. ఇరుకు కాలమ్‌లలో మనవాళ్లు చాలాచోట్ల హైఫన్ కూడా పెట్టకుండా మాట విరిచేస్తారు. పై లైన్ చివర "కార్య", కింది లైన్ మొదట "క్రమం". కలిపాక "కార్య క్రమం" అని వస్తుంది. ఏ ఫార్ములాకీ అది దొరకదు. ప్రూఫ్ చదివేటప్పుడు ప/వ, ద/ధ/థ, దీర్ఘాలతో పాటు వీటినీ పట్టుకోవాలి. తేదీలు, డబ్బు అంకెలు మాత్రం పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి, అంకె తప్పితే చదివేటప్పుడు అనుమానం కూడా రాదు.

మిగతావి క్లుప్తంగా. ఆన్‌లైన్ కన్వర్టర్ సైట్లు ఇంగ్లిష్‌కి వర్డ్ చేసేదే కాస్త అటూ ఇటూగా చేస్తాయి. పొలం కాగితాలు, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్ లాంటివి వాటికి అప్‌లోడ్ చేయకండి. డబ్బు కట్టి ఆక్రోబాట్ ఇప్పటికే వాడుతుంటే ఇంగ్లిష్ టేబుల్స్‌కి దాని ఎక్స్‌పోర్ట్ బాగుంటుంది, తెలుగు కోసమే అయితే కొననక్కర్లేదు. లిబ్రేఆఫీస్ పీడీఎఫ్‌ని డ్రాలో తెరుస్తుంది, ఒక మాటో తేదీయో మార్చి మళ్లీ పీడీఎఫ్ చేసుకోవడానికి పనికొస్తుంది, వ్యాసం దిద్దడానికి కాదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పేజ్‌మేకర్ ఫైలే మీ దగ్గర ఉంటే అదే ఉత్తమం, పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన టెక్స్ట్‌లో కొన్ని గుర్తులు ముందే పోయి ఉంటాయి కాబట్టి ఫలితం నమ్మలేం.

మొత్తం దిద్దాక మళ్లీ రెండు కాలమ్‌లు కావాలనుకుంటే శీర్షిక వదిలేసి కింది వ్యాసం మాత్రమే సెలెక్ట్ చేసి Layout > Columns > Two ఇవ్వండి. కావాల్సిన సెక్షన్ బ్రేక్ వర్డే పెట్టుకుంటుంది, ఈసారి వాక్యం చేర్చినా కాలమ్ చెదరదు.