కొత్తవాడ డర్రీలు, డాలస్ కస్టమర్లు: సీడీఎన్ వాడాక నాకు తెలిసింది

వరంగల్ కొత్తవాడలో డర్రీలు నేసే ఒక చిన్న సంఘం వెబ్‌సైట్‌ను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. సర్వర్ ముంబయిలో అద్దెకు తీసుకున్నది. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో కూర్చుని తెరిస్తే సైట్ మొదటి నుంచీ చకచకా వచ్చేది. కానీ పెద్ద ఆర్డర్లు ఇచ్చే మనవాళ్లు డాలస్, న్యూజెర్సీల్లో ఉన్నారు. "అన్నా, ఫొటోలు ఎంతకీ రావట్లే" అని వాళ్ల ఫోన్లు. అందుకే సీడీఎన్ పెట్టాం, అంటే మన సైట్ కాపీలను ఊరూరా ఉన్న ఎడ్జ్ సర్వర్లలో దాచి, అడిగినవాళ్లకు దగ్గర్లోని దాన్నుంచే అందించే ఏర్పాటు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం, అసలు పని అందరిదీ ఒకటే. ఫొటోలకైతే పైసా వసూల్. పేజీల సంగతి మాత్రం వాళ్లు ప్రకటనల్లో చెప్పినంత సూటిగా ఉండదు.

ముందు దూరం లెక్క చూద్దాం. ముంబయి నుంచి డాలస్ దాదాపు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి పోయి రావడానికే 140 మిల్లీసెకన్లు తప్పవు. కేబుళ్లు వంకర టింకరగా పోతాయి, మధ్యలో రౌటర్లుంటాయి, అందుకని నిజానికి 250 దాకా పడుతుంది. ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా ఇది తగ్గేది కాదు. పైగా ఒక్కసారి పోయి వస్తే సరిపోదు. కనెక్షన్ కలవడానికి ఒక రౌండు, టీఎల్ఎస్ 1.3 తాళం కుదరడానికి ఇంకొకటి, పేజీ అడిగి తెచ్చుకోవడానికి మూడోది. అంటే మొదటి అక్షరం కనబడేలోపే 750 మిల్లీసెకన్లు ఖర్చు.

సీడీఎన్ పెడితే ఆ డాలస్ కస్టమర్ బ్రౌజర్ మాట్లాడేది డాలస్‌లోనే ఉన్న ఎడ్జ్ సర్వర్‌తో. రౌండుకు 20 మిల్లీసెకన్లు అనుకుంటే మూడు రౌండ్లకు 60. ఫొటో కాపీ అక్కడే ఉంటే పని అంతటితో అయిపోతుంది, దీన్నే హిట్ అంటారు. కాపీ లేకపోతే మిస్: ఎడ్జ్ ముంబయికి వెళ్లి తేవాలి. అప్పుడు కూడా, ముంబయితో దానికి ముందే తెరిచి ఉంచుకున్న కనెక్షన్ ఉంటే, 60కి ఒక్క 250 కలిపి 310లో తేలిపోతుంది. మిస్ అయినా సీడీఎన్ లేని రోజుల కంటే నయమే. మిస్ అయితే మధ్యలో సీడీఎన్ ఉండటం వల్ల ఇంకా ఆలస్యం కాదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు, వాళ్లకు జవాబు ఇదే.

మా లాంటి చిన్న సైట్లు గమనించాల్సిన తిరకాసు ఇక్కడే ఉంది. డాలస్ ఎడ్జ్ దాచుకున్న కాపీ డాలస్‌కే. న్యూజెర్సీ పక్కనున్న ఎడ్జ్‌కు మళ్లీ మొదటి నుంచీ మొదలు. కాపీకి గడువు 30 రోజులని మనం రాసినా, రోజుకు ఇద్దరు ముగ్గురే అడిగే వస్తువును అన్ని రోజులు ఉంచాలని ఎడ్జ్‌కు కట్టుబాటేమీ లేదు. చోటు కావాల్సి వస్తే ఎక్కువమంది అడిగేవి ఉంచుకుని మిగతావి తీసేస్తుంది. గడువంటే అంతకు మించి ఉంచకూడదని చెప్పే హద్దు, అంతవరకు ఉంచుతామన్న హామీ కాదు. అందుకే మా సైట్‌లో మొదటి పేజీ ఫొటోలు దాదాపు ఎప్పుడూ హిట్టే, లోపలెక్కడో ఉన్న పాత డిజైన్లు మాత్రం చాలాసార్లు మిస్. ఎడ్జ్‌లకూ ముంబయికీ నడుమ కాపీలు దాచే ఇంకో పెద్ద చోటును, అంటే కాష్‌ను పెట్టే సౌకర్యం కొన్ని కంపెనీలిస్తాయి. డాలస్ అడిగింది ఆ నడిమి కాష్‌లో మిగిలి ఉంటే, తర్వాత న్యూజెర్సీ అడిగినప్పుడు ముంబయి దాకా పోనక్కర్లేదు. ట్రాఫిక్ తక్కువున్నవాళ్లకు ఈ సౌకర్యమే ఎక్కువ పనికొస్తుంది.

ఇక గడువుల సంగతి. సంఘంవాళ్లు దసరా ముందు నూలు ధర పెరిగిందని ఒక డర్రీ రేటు మార్చారు. సర్వర్‌లో మారింది, సీడీఎన్ డాష్‌బోర్డులో పర్జ్ బటన్ నొక్కి పాత కాపీలు తుడిపించాం. అయినా న్యూజెర్సీ కస్టమర్ ఫోన్‌లో పాత రేటే. "స్క్రీన్‌షాట్ పంపిస్తున్నా చూడు అన్నా, నేను ఈ రేటుకే తీసుకుంటా" అన్నాడు. సంఘం పెద్దాయన పాత రేటుకే ఇచ్చారు, అది ఆయన మంచితనం. అసలు కారణం ఏమిటంటే పేజీకి `max-age=86400` అని ఉంది, అంటే కాపీని 86,400 సెకన్లు, 24 గంటలు, వాడుకోవచ్చని. ఆ ఒక్క అంకెనే కస్టమర్ బ్రౌజరూ పాటిస్తుంది, ఎడ్జూ పాటిస్తుంది. పర్జ్ కొడితే ఎడ్జ్‌లో పోతుంది. ఆయన ఫోన్‌లో దాచుకున్న కాపీని తుడిపే చేయి మనకు లేదు, ఆ 24 గంటల గడువు తీరేదాకా ఆగాల్సిందే.

అప్పటి నుంచి పేజీలకు రెండు గడువులు విడివిడిగా పెడుతున్నాం:

```
cache-control: public, max-age=0, s-maxage=86400
```

మొదటిది బ్రౌజర్‌కు: కాపీ ఉంచుకో, కానీ చూపించే ముందు ప్రతిసారీ అడుగు. `s-maxage` ఎడ్జ్ లాంటి ఉమ్మడి కాష్‌లకు మాత్రమే వర్తిస్తుంది. బ్రౌజర్ అడిగేది పక్కనున్న ఎడ్జ్‌నే కాబట్టి, మారలేదన్న 304 జవాబు క్షణంలో వచ్చేస్తుంది. రేటు మారినప్పుడు పర్జ్ కొడితే చాలు. ఫొటోలకు ఈ గొడవే వద్దని పేరులోనే వెర్షన్ పెట్టేశాం. ఫొటో మారితే `durry-red.a41f.webp` పోయి వేరే పేరుతో కొత్త ఫైల్ వస్తుంది, పాతదాని ఊసే ఉండదు. అందుకే వాటికి `max-age=31536000, immutable` అని ఏడాది గడువు ధైర్యంగా ఇచ్చాం.

బండి సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి ఇది చాలు:

```
curl -sI https://example.com/durry.html
```

జవాబులో `x-cache: HIT` ఉందా, `age` ఎంతుందన్నది చూస్తాను (మొదటిదానికి కంపెనీని బట్టి పేరు మారుతుంది). `age: 5120` అంటే ఆ కాపీ పుట్టి 5,120 సెకన్లు, గంటన్నరకు కాస్త తక్కువ. పర్జ్ కొట్టాక కూడా ఈ అంకె సున్నా దగ్గరికి రాకపోతే పర్జ్ తగలలేదన్నమాట. ఎన్నిసార్లు అడిగినా మిస్సే వస్తుంటే జవాబులో `set-cookie` ఉందేమో చూడండి. మా షాపింగ్ ప్లగిన్ వచ్చినవారందరికీ కుకీ అంటగట్టేది, దాంతో ఏ పేజీనీ ఎడ్జ్ దాచుకునేది కాదు. చూసే పేజీల్లో కుకీ తీసేయించి, కార్ట్, లాగిన్ పేజీలకు మాత్రం `no-store` పెట్టాం. ఒకరి కార్ట్ ఇంకొకరికి కనబడితే పరువు పోతుంది.

ఇంకో మాట, ఆ కమాండ్ వరంగల్ నుంచి కొడితే జవాబిచ్చేది మనకు దగ్గర్లోని ఎడ్జ్. ఇక్కడ హిట్ వచ్చిందని డాలస్‌లోనూ హిట్టే అనుకోవడానికి లేదు. మేం అక్కడున్న సంఘం పెద్దాయన కోడలితో బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిపించి, అదే ఫొటో రెండుసార్లు లోడ్ చేయించి చూసుకుంటాం. రెండోసారి చేసేటప్పుడు అక్కడున్న డిసేబుల్ కాష్ టిక్కు పెట్టమనాలి. లేదంటే ఫోటో ఆమె లాప్‌టాప్‌లోంచే వచ్చేసి, ఎడ్జ్ సంగతి మనకు ఏమీ తెలియదు.

మీ కస్టమర్లంతా తెలంగాణలోనే ఉండి, సర్వర్ హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఉంటే, వేగం కోసమని డబ్బు కట్టే ప్లాన్ తీసుకోకండి, తేడా కంటికి ఆనదు. ఉచిత ప్లాన్ చాలు. డబ్బు కట్టే ప్లాన్ మీద నెలనెలా పెట్టబోయే ఖర్చుతో ముందు 4 ఎంబీ ఫొటోలను 200 కేబీకి కుదించండి.