మూడు ప్రతులా, 4+2 ముక్కలా: స్కాన్ చిత్రాల నిల్వలో మా అనుభవం

నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ స్కానింగ్ కేంద్రాల నుంచి వచ్చే సీటీ, ఎంఆర్ఐ చిత్రాలను మేము నల్గొండలోనే ఎనిమిది సర్వర్ల డిస్కులను ఒకే నిల్వగా కలిపే సెఫ్ సాఫ్ట్‌వేర్ క్లస్టర్‌లో దాచిపెడుతున్నాము. మొదట్లో ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉంచేవాళ్లము. డిస్కుల ఖర్చు భారమయ్యాక పెద్ద ఫైళ్లను 4+2 ఎరేజర్ కోడింగ్‌కు మార్చాము. ఏళ్ల తరబడి రెండింటినీ నడిపిన మీదట నా అభిప్రాయం ఇది: స్థలంలో మిగిలే డబ్బు నిజమే, కానీ అందులో కొంత భాగాన్ని ముందే నెట్‌వర్క్‌పై పెట్టగలిగిన వారికే ఈ పద్ధతి నప్పుతుంది.

స్థలం లెక్క తేలికైనది. వంద టెరాబైట్ల చిత్రాలకు మూడు ప్రతుల పద్ధతిలో 300 టెరాబైట్ల డిస్కులు కావాలి. 4+2లో ప్రతి ఫైలును నాలుగు ముక్కలు చేసి, వాటి నుంచి లెక్కగట్టిన రెండు పారిటీ ముక్కలను జోడించి, ఆరింటినీ ఆరు వేర్వేరు సర్వర్లలో పెడతారు కనుక 150 టెరాబైట్లు సరిపోతాయి. ఏ రెండు సర్వర్లు పోయినా రెండు పద్ధతుల్లోనూ డేటా పోదు.

తేడా అంతా డిస్కు చెడిపోయిన రోజున బయటపడుతుంది. చెడిన డిస్కులో 5 టెరాబైట్ల డేటా ఉందనుకుందాం. మూడు ప్రతుల పద్ధతిలో మిగిలిన ప్రతిని చదివి మరోచోట రాస్తే చాలు, కాబట్టి నెట్‌వర్క్ మీద 5 టెరాబైట్లే కదులుతాయి. 4+2లో పోయిన ఒక్కో ముక్కను తిరిగి లెక్కగట్టడానికి నాలుగు ముక్కలు చదవాలి. వాటిలో ఒకటి ఆ పని చేసే సర్వర్‌లోనే ఉంటుంది, మూడు బయటి నుంచి రావాలి, తయారైన కొత్త ముక్క మళ్లీ బయటికి వెళ్లాలి. అంటే 15 వచ్చి, 5 వెళ్లి, మొత్తం 20 టెరాబైట్లు. ఆ భారం ఎనిమిది సర్వర్లకూ సమానంగా పడితే ఒక్కొక్కదానికి రెండున్నర టెరాబైట్లు అందాలి. ఒక గిగాబిట్ లింకును పూర్తిగా దానికే వదిలేసినా అయిదున్నర గంటలు పడుతుంది. పది గిగాబిట్ల లింకు ఉంటే నెట్‌వర్క్ వల్ల పట్టే సమయం అరగంటకు కాస్త పైన, ఆ తరువాత ఆలస్యమంతా డిస్కుల వేగం మీదే ఆధారపడుతుంది.

అయితే నాలుగు రెట్లన్న మాట ఒక్క డిస్కుకు సంబంధించినదే. అదే డేటాకు 4+2లో డిస్కులు సగమే ఉంటాయి, కాబట్టి ఏడాదిలో చెడిపోయేవీ దాదాపు సగమే. మొత్తం మీద రిపేర్ ట్రాఫిక్ రెండు రెట్లవుతుంది. ఈ రెండో లెక్క చూడకుండా ఎరేజర్ కోడింగ్‌ను తోసిపుచ్చడం సరికాదని నా నమ్మకం.

మమ్మల్ని అసలు ఇబ్బంది పెట్టింది చెడిన డిస్కులు కావు, ఎండాకాలపు గాలివానలు. సాయంత్రం కరెంటు పోయి, ఒక సర్వర్‌కున్న యూపీఎస్ చేతులెత్తేసిందంటే ఆ సర్వర్‌లోని ఆరు డిస్కులూ ఒకేసారి కనబడకుండా పోతాయి. సెఫ్ మామూలుగా 600 సెకన్లు చూసి, ఆ తరువాత వాటిని పోయినట్టే లెక్కించి రిపేర్ మొదలుపెడుతుంది. ముప్పై టెరాబైట్లున్న సర్వర్ విషయంలో అది 120 టెరాబైట్ల ట్రాఫిక్‌కు నాంది. అరగంటలో కరెంటు వచ్చి సర్వర్ లేస్తే అప్పటిదాకా కదిలిందంతా వృథా. ఈలోగా పాత స్కాన్ తెరిచిన డాక్టర్‌కు చిత్రం నెమ్మదిగా వస్తుంది, ఎందుకంటే 4+2లో ప్రతి రీడ్ నాలుగు డిస్కుల్లో అన్నిటికన్నా నిదానమైన దాని కోసం ఆగాలి. దీనికి మందు ఒక్క వాక్యం:

```
ceph config set mon mon_osd_down_out_subtree_limit host
```

దీనితో మొత్తం సర్వర్ పడిపోయినప్పుడు సెఫ్ తనంతట తాను రిపేర్‌కు దిగదు, విడి డిస్కు చెడితే మాత్రం యథావిధిగా దిగుతుంది. సర్వర్ తిరిగి లేచినప్పుడు ఈలోగా మారిన ఫైళ్లను మాత్రమే సరిచేసుకుంటుంది. అయితే నిజంగా చచ్చిపోయిన సర్వర్‌ను మనిషే గుర్తించి `ceph osd out` ఇవ్వాలి, కాబట్టి అలర్టు చూసే మనిషి లేనిచోట ఈ అమరిక ప్రమాదకరం.

చిన్న ఫైళ్లకు మాత్రం 4+2 నష్టమే. సెఫ్ పసిఫిక్ వెర్షన్‌కు ముందు కట్టిన హార్డ్ డిస్కుల్లో కనీస కేటాయింపు 64 కిలోబైట్లు. అక్కడ 16 కిలోబైట్ల ఫైలు ఆరు ముక్కలై 384 కిలోబైట్లు తింటుంది, మూడు ప్రతులైతే 192తో సరిపోతుంది. వెర్షన్ మార్చినంత మాత్రాన ఇది మారదు, ఒక్కో డిస్కును నడిపే ఓఎస్‌డీని చెరిపి మళ్లీ కట్టాలి. అందుకే మేము రిపోర్టులు, థంబ్‌నెయిళ్లను మూడు ప్రతుల పూల్‌లోనే ఉంచాము. ఏ ఫైళ్లున్నాయో చెప్పే జాబితా అయిన బకెట్ ఇండెక్స్ ఎలాగూ అక్కడే ఉండాలి, ఎరేజర్ కోడింగ్ పూల్ దాన్ని మోయలేదు.

ఆరు సర్వర్లతో 4+2 మొదలుపెట్టాలనుకునేవారు ఒకటి గమనించాలి. ఒక సర్వర్ పోతే ఆరో ముక్కను పెట్టడానికి ఏడో సర్వర్ ఉండదు, కొత్తది వచ్చేదాకా `undersized` అని చూపిస్తూనే ఉంటుంది. ఆ లోపు ఇంకొకటి ఆగితే, పని సాగడానికి అందుబాటులో ఉండాల్సిన కనీస ముక్కల సంఖ్య, అంటే `min_size`, మామూలుగా అయిదు కనుక, డేటా భద్రంగా ఉన్నా చదవడం, రాయడం రెండూ నిలిచిపోతాయి. ఏడు కంటే తక్కువ సర్వర్లున్నవారు మూడు ప్రతులతోనే కొనసాగడం మేలు.