జాగ్రత్త: మెరిసే గ్యాస్కెట్ ఫోటో చూసి పాత కుక్కర్ కొనకండి, మూత తిరగేసిన ఫోటో అడగండి

వాడిన కుక్కర్ ఫోటోలు చూసి కొన్న ఒకరికి ఈమధ్య జరిగింది ఇది. 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్, మూత పైనుంచి బిగించే రకం. అమ్మిన మనిషి పంపినవి మూడు ఫోటోలు: గిన్నె, మూత పైభాగం, బల్ల మీద గుండ్రంగా పరిచిన నల్లటి గ్యాస్కెట్. గ్యాస్కెట్ నిగనిగలాడుతోంది. "కండిషన్ బాగుంది, విజిల్ బాగా వస్తుంది" అన్న మాట కూడా తోడైంది. ఇంటికి తెచ్చి పప్పు పెడితే విజిల్ రాలేదు, మూత చుట్టూ ఆవిరి కారింది, నీళ్లు ఇగిరిపోయి పప్పు అడుగంటింది. మూత తిరగేస్తే సేఫ్టీ వాల్వ్ ఉండాల్సిన చోట బూడిదరంగు ఎం-సీల్ ముద్ద ఉంది. అది ఏ ఫోటోలోనూ లేదు. మూత లోపలి వైపు ఫోటో ఆయన పంపలేదు, వీళ్లు అడగలేదు.

ఫోటో చూసి "ఇది వద్దు" అని కచ్చితంగా చెప్పొచ్చు. "ఇది వాడొచ్చు" అని మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లూ చెప్పలేరు. రబ్బరు మెత్తగా ఉందా, వాల్వ్ అవసరమైనప్పుడు తెరుచుకుంటుందా అనేవి కంటికి కనపడవు. అందుకే ఫోటోలో వెతకాల్సింది వద్దనడానికి కారణాలే.

గ్యాస్కెట్ పాడైతే సాధారణంగా కుక్కర్ పేలదు, కారుతుంది. ఒత్తిడి నిలవదు, విజిల్ రాదు, మనం మంట పెంచుతాం, నీళ్లు అయిపోతాయి. అప్పుడు కాపాడాల్సింది సేఫ్టీ వాల్వ్. దాని మధ్యలో తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ల ఉంటుంది. మామూలు వంటలో కుక్కర్ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో, లోపలి వేడి దాదాపు 120 డిగ్రీలు. నీళ్లు అయిపోయినా, విజిల్ గొట్టం మూసుకుపోయి ఒత్తిడి పెరిగినా లోపలి వేడి ఇంకా పైకి పోతుంది, బిళ్ల కరుగుతుంది, ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. ఆ దారిని ఎం-సీల్‌తోనో, బోల్టుతోనో మూసేస్తే, పప్పు పొట్టు విజిల్ గొట్టంలో అడ్డుపడిన రోజున ఆవిరికి మిగిలేది మూత ఒక్కటే.

ఇప్పుడు గ్యాస్కెట్ ఫోటో. పరిచి తీసిన ఫోటోను లెక్కలోకి తీసుకోవద్దు. పాత రబ్బరు మీద కాస్త నూనె రాస్తే కొత్తదానిలా మెరుస్తుంది, పగుళ్లు కూడా మూసుకున్నట్టు కనపడతాయి. నిజానికి పాత గ్యాస్కెట్ మెరుపు లేకుండా, కాస్త తెల్లబారినట్టు ఉంటేనే అమ్మేవాళ్లు ఏమీ పూయలేదని అర్థం. అడగాల్సింది ఇది: గ్యాస్కెట్‌ను సబ్బుతో కడిగి, తుడిచి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఒకచోట గట్టిగా మడిచి, పక్క నుంచి వెలుగు పడేలా ఫోటో తీయమనండి. మూతకు ఆనే పెదవి అంచు మడత పైకి రావాలి. వెంట్రుక వాసి గీతలు కనిపించినా అది చెత్తబుట్టకే. అంచు పదునుగా కాకుండా నొక్కుకుపోయి చదునుగా ఉన్నా, చుట్టూ ఒకే మందం లేకుండా అలలు తిరిగి ఉన్నా అంతే. మడవమంటే "విరుగుతుందేమో" అని జంకారంటే మీకు జవాబు దొరికినట్టే. ఫ్రీజర్‌లో కాసేపు పెడితే బిగుతుగా వస్తుంది, అంచుకు గోధుమపిండి పూస్తే కారదు అని చెప్పేవాళ్లుంటారు. అలా నెట్టుకొచ్చారంటే గ్యాస్కెట్ ఆయువు ఎప్పుడో తీరింది.

పైమూత రకాల్లో చాలావాటికి మూత అంచులో చిన్న కిటికీలాంటి సందు ఉంటుంది. ఒత్తిడి మితిమీరితే గ్యాస్కెట్ ఆ సందులోంచి బయటికి తోసుకొచ్చి ఆవిరిని వదులుతుంది. గట్టిపడిన రబ్బరు, లేదా వేరే కంపెనీ మందపాటి రబ్బరు అక్కడ సరిగ్గా కదలదు. కాబట్టి ఎండిన గ్యాస్కెట్ అంటే కారడం ఒక్కటే కాదు, ఒక రక్షణ పోయినట్టు కూడా.

వాల్వ్‌కు రెండు ఫోటోలు కావాలి: పైనుంచి ఒకటి, మూత తిరగేసి ఒకటి, రెండూ దగ్గరగా. మధ్య బిళ్ల చదునుగా, చుట్టూ లోహంతో ఒకే మట్టంలో ఉండాలి. ఉబ్బినా, గుంటపడినా, సూదిబెజ్జం కనిపించినా అది ఒకసారి కరగడం మొదలైన వాల్వ్. అల్యూమినియం మూత మీద దాని చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటే అక్కడ ఆవిరి కారుతోందని అనుమానించాలి. నట్టు మూలలు అరిగి, పట్టకారు గీతలు ఉంటే ఎవరో విప్పి బిగించారు. ఏం బిగించారో ఫోటో చెప్పదు. లోపలి వైపు పప్పు ముద్దలా ఎండి అంటుకుని ఉంటే ఆ ఇంట్లో కుక్కర్‌ను ఎలా నింపారో తెలిసిపోతుంది. విజిల్ గొట్టానికి మరో ఫోటో: మూతను కిటికీ వైపు పట్టుకుని తీయమనండి. గొట్టంలోంచి గుండ్రటి వెలుగు పూర్తిగా కనపడాలి. విజిల్ ఆ కంపెనీదేనా అని కూడా అడగండి. బరువు మారితే ఒత్తిడి మారుతుంది.

పైన చెప్పిన 5 లీటర్ల కుక్కర్‌ను ఈ లెక్కన చూస్తే, మడత ఫోటో అడిగి ఉంటే పెదవి అంచు పగుళ్లు అక్కడే బయటపడేవి. మూత పైభాగం ఫోటోనే పెద్దది చేసి చూసినా వాల్వ్ గుండీ చుట్టూ రంగు తేడా కనిపించేది. ఆ ఒక్క అనుమానంతో తిరగేసిన ఫోటో అడిగితే కథ ముగిసేది.

అన్నీ బాగున్నట్టు కనిపించి కొన్నా, గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ రెండూ మార్చకుండా వండొద్దు. రెండింటి ఖర్చు కలిపినా కొత్త కుక్కర్ ధరలో చిన్న భాగమే. ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించమనండి. కొట్టుకు వెళ్లేటప్పుడు "5 లీటర్లది" అంటే సరిపోదు. అదే లీటర్లలో వెడల్పు రకం, పొడవు రకం ఉంటాయి, కంపెనీని బట్టి కూడా మారుతుంది. మూతను, పాత రబ్బరును పట్టుకెళ్లి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో, సీలు ప్యాకెట్ ఇచ్చే కొట్లోనో తీసుకోండి. డబ్బాలో విడిగా పోసి అమ్మే వాల్వ్‌ల్లో బిళ్ల ఏ లోహమో ఎవరికీ తెలియదు. ఇక్కడ చవక బేరం వద్దు.

తర్వాత ఉత్త నీళ్లతో పరీక్ష. అర లీటరు నీళ్లు పోసి, మూత బిగించి, విజిల్ పెట్టకుండా మంట మీద ఉంచండి. గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాక విజిల్ పెట్టి, చేయి, ముఖం దూరంగా ఉంచండి. కొద్ది నిమిషాల్లో విజిల్ రావాలి. అప్పటికి మూత అంచున నీటిబొట్లు, వాల్వ్ దగ్గర బుసబుస ఉండకూడదు. ఉంటే స్టవ్ ఆపి, దానంతటదే చల్లారాకే తెరవండి. ఈ పరీక్ష కారడాన్ని పట్టిస్తుందే తప్ప బిళ్ల సమయానికి కరుగుతుందని చెప్పదు. వాల్వ్ కొత్తది వేయమనడం అందుకే.

కొత్త కుక్కర్ కొనేవాళ్లకు ఒక మాట: 2021 ఫిబ్రవరి నుంచి ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తుతోపాటు ఉండే లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే కంపెనీ పేరు వస్తుంది. కొట్లోనో, ఆన్‌లైన్‌లోనో నకిలీ అంటగట్టారని తేలితే బిల్లు, ప్యాకెట్ ఫోటోలు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి.