టోకెన్ వేసే ముందు ఇది చదవండి: "ఈరోజే ఆఖరు" అని మెసేజ్ వస్తే ఆగండి

మొన్న ఆదివారం ఫ్లాట్ కొందామని సైట్ చూసొచ్చిన వాళ్లందరికీ ఈ మెసేజ్ వచ్చే ఉంటుంది. కంపెనీ పేరు రాయను, మెసేజ్ చూస్తే మీకే తెలుస్తుంది.

"సార్, మీరు చూసిన 4వ అంతస్తు ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్‌కి ఇంకో ఇద్దరు రెడీగా ఉన్నారు. ఈరోజు సాయంత్రం 6 లోపు 2 లక్షలు వేస్తే మీకే బ్లాక్ చేస్తాం. రేపటి నుంచి ఎస్‌ఎఫ్‌టీకి 300 పెరుగుతుంది."

సాయంత్రం 5:40కి టోకెన్ వేశాను. అంతకుముందు ఏది అడిగినా రెండు నిమిషాల్లో జవాబిచ్చిన సేల్స్ మనిషి, డబ్బు పడ్డాక అగ్రిమెంట్ డ్రాఫ్ట్ అడిగితే మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు వేరే కొనుగోలుదారుకి వెళ్లిన రేటు షీటు చూశాను. అదే ఫ్లాట్, అదే 6,200. ఒక్క రూపాయి పెరగలేదు. నా డబ్బు వెనక్కి ఇవ్వమంటే "టోకెన్ వాపసు ఉండదు సార్, రసీదు వెనక ఉంది చూడండి" అన్నాడు. అది చదవకుండా డబ్బు వేయడం నా తప్పే. లేని గడువు పెట్టడం మాత్రం వాళ్ల తప్పు.

సైట్ చూశాక ఫోన్ చేయడంలో, మెసేజ్ పెట్టడంలో తప్పు లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా, గడువు ఒక్కటే చెప్పడం తప్పు. ఆదివారం సైట్‌లో అందరూ అడిగింది రెండే: మొత్తం ఎంతవుతుంది, ఏ బ్యాంకు లోన్ ఇస్తుంది. ఆ మెసేజ్‌లో రెండింటికీ జవాబు లేదు. దాన్ని మర్యాదగా రాస్తే ఇలా ఉండాలి:

"నమస్కారం అండీ. మీరు అడిగిన లెక్క ఇది. 1,250 ఎస్‌ఎఫ్‌టీకి 6,200 చొప్పున 77.5 లక్షలు, కార్ పార్కింగ్ 4, ఎమినిటీస్ 3, కలిపి 84.5 లక్షలు. జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. లోన్ ఇచ్చే బ్యాంకుల జాబితా, రెరా నంబరు, డ్రాఫ్ట్ అగ్రిమెంట్ జత చేశాను. ఈ రేటు నెలాఖరు వరకు ఉంటుంది. టోకెన్ వెనక్కిచ్చే షరతు రెండో పేజీలో ఉంది, ముందే చదవండి. ఇంట్లో మాట్లాడుకోవడానికి టైం కావాలంటే చెప్పండి. వద్దనుకుంటే 'వద్దు' అని పెట్టండి చాలు, ఇక ఫోన్ చేయం."

77.5 అని చెప్పి పిలిచిన ఫ్లాట్ పన్ను కట్టకముందే 84.5 అయింది చూశారా? ఆ 7 లక్షల తేడా టోకెన్‌కి ముందు తెలియాలి, తర్వాత కాదు. "ఇంకో ఇద్దరు రెడీ" అన్న మాట నిజమైతే "ఒకరు టోకెన్ ఇచ్చారు, ఫలానా తేదీ దాకా హోల్డ్‌లో ఉంది" అని రాయొచ్చు. తేదీ రాయలేకపోతే ఆ మాట తీసేయాలి. నెలాఖరు గడువు నిజమైనదైతే రేటు షీటు మీద కూడా ఉంటుంది. ఈ మెసేజ్ ఒక్కసారి పెట్టి, వారం ఆగి మరోసారి అడిగి, ఆపేయాలి. రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తే కొనాలనుకున్నవాడు కూడా నంబరు బ్లాక్ చేస్తాడు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మెసేజ్ మర్యాదగా ఉంది కదా అని నమ్మకండి. అదే ఒత్తిడిని తీయగా కూడా రాయొచ్చు: "తొందరేం లేదండీ, కానీ రేపటికి ఉంటుందో లేదో." తేడా తెలియాలంటే డ్రాఫ్ట్ అగ్రిమెంట్, టోకెన్ షరతులు వాట్సాప్‌లో అడగండి. నిజాయితీ ఉన్నవాడు ఫైల్ పంపుతాడు. లేనివాడు ఫోన్ చేస్తాడు, ఎందుకంటే ఫోన్లో చెప్పినదానికి కాగితం ఉండదు.

చట్టం కాపాడుతుందిలే అనుకోకండి. 2016 రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. 77.5 లక్షలకు 10 శాతం అంటే 7.75 లక్షలు. వాళ్లు అడిగింది 2 లక్షలే, కాబట్టి ఆ సెక్షన్ ఇక్కడ పట్టదు. చిన్న టోకెన్ అడగడానికి అదొక కారణం అనుకుంటున్నాను.

డబ్బు వేసే ముందు రెరా నంబరును rera.telangana.gov.in లో, ఆంధ్రాలో అయితే rera.ap.gov.in లో చూసుకోండి. వాళ్ల మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వద్దని చెప్పినా ఫోన్లు ఆగకపోతే 1909కి ఫిర్యాదు చేయండి. టోకెన్ ఇంకా వేయనివాళ్లు మాత్రం ఇవాళ రసీదు ఫోటో తెప్పించుకుని, వెనక వైపు చదవండి.